పల్స్ పెరిగింది, నడక తగ్గింది, ప్లాంక్ మాత్రం పెరిగింది: దేన్ని నమ్మాలి?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. విజయవాడలో బ్యాంకు ఉద్యోగం. జనవరి నుంచి వారానికి ఐదు రోజులు నడుస్తున్నాను, ఇంట్లో కాస్త వ్యాయామం కూడా చేస్తున్నాను. మొదలుపెట్టినప్పుడు మూడు లెక్కలు రాసుకున్నాను. పొద్దున లేవగానే పల్స్ 76. 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేశాను. ఆరు నిమిషాల్లో నడిచిన దూరం ఫోన్ ప్రకారం 560 మీటర్లు. ప్లాంక్ 25 సెకన్లు. మే నెలలో మళ్లీ చూస్తే పల్స్ 80, దూరం 545 మీటర్లు, ప్లాంక్ 1 నిమిషం 25 సెకన్లు. జనవరిలో పొద్దున్నే నడిచాను, ఈసారి ఆఫీసు నుంచి వచ్చాక సాయంత్రం నడిచాను. మార్చిలో డాక్టర్ గారు బీపీ మాత్ర మార్చారు. ఐదు నెలల కష్టం వృథాయేనా? అసలీ టెస్టులు ఎలా చేసుకోవాలి? మా నాన్నగారికి 68. ఆయనకూ ప్లాంక్ పెట్టి చూడొచ్చా?
— ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: కష్టం వృథా అయిందని ఈ అంకెలు చెప్పడం లేదండి. నిజం చెప్పాలంటే మీరు బాగుపడ్డారనీ చెప్పడం లేదు. భయపెట్టిన రెండు అంకెలూ, సంతోషపెట్టిన ఆ ఒక్క అంకే కూడా కొలిచిన పద్ధతి వల్లే అలా వచ్చి ఉండొచ్చు. ఒక్కొక్కటీ విప్పి చూద్దాం. ముందు పల్స్, ఎందుకంటే ఎక్కువ టెన్షన్ పడింది దాని గురించే అనిపిస్తోంది.

15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేశానన్నారు. అంటే జనవరిలో మీ వేళ్ల కింద 19 సార్లు కొట్టుకుంది, మే నెలలో 20 సార్లు. ఈ రెండు నెలలకీ మధ్య మీరు నిజంగా చూసిన తేడా ఒకే ఒక్క బీటు. వాచీ చూడటం మొదలుపెట్టిన క్షణంలో తగిలిన బీటును ఒకటి అనుకున్నారా, సున్నా అనుకున్నారా అన్నదాని మీదే ఆ ఒక్కటి వచ్చేస్తుంది, పోతుంది. తర్వాత నాలుగుతో హెచ్చవేయడం వల్ల ఆ చిన్న పొరపాటు కూడా నాలుగింతలై కాగితం మీదికొచ్చింది. 76కీ 80కీ మధ్య ఈ పద్ధతిలో ఇంకో అంకె రావడానికే వీల్లేదు కదా!

అందుకని విశ్రాంతి పల్స్ ఎప్పుడూ పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. మెలకువ రాగానే, ఫోన్ చూడకముందు, కాఫీకి ముందు. బాత్రూముకి వెళ్లాల్సి వస్తే వెళ్లి రండి, వచ్చి మళ్లీ ఐదు నిమిషాలు కదలకుండా పడుకోండి. చూపుడువేలు, మధ్యవేలు రెండూ కలిపి మణికట్టు మీద, బొటనవేలి మొదలు కింద ఉండే చిన్న పల్లంలో మెత్తగా ఆనించండి. బొటనవేలితో చూడకూడదు. దానిలోనే నాడి బాగా కొట్టుకుంటుంది కాబట్టి ఏది ఎవరిదో తెలియదు, ఒక్కోసారి రెండూ కలిసి లెక్కలోకి వచ్చేస్తాయి. సెకన్ల ముల్లు మొదలైనప్పుడు తగిలిన బీటును సున్నా అనుకుని, తర్వాతి దాని నుంచి ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ అరవై సెకన్లు వెళ్లండి. రోజూ పడుకునే చూడండి. ఒకరోజు పడుకుని, ఇంకోరోజు మంచం అంచున కూర్చుని చూస్తే ఆ తేడాయే అంకెలో కనబడుతుంది.

ఇంత జాగ్రత్తగా చూసినా రోజుకో అంకె వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి కూడా ఒక ఉదయానికీ ఇంకో ఉదయానికీ మూడు నాలుగు బీట్ల తేడా మామూలే. రాత్రి సరిగ్గా నిద్ర లేకపోయినా, పెళ్లి భోజనం అర్ధరాత్రి దాకా సాగినా, నీళ్లు తక్కువ తాగినా, ఒళ్లు కాస్త వెచ్చబడినా పెరుగుతుంది. నెలసరి వస్తున్న ఆడవాళ్లలో అండం విడుదలయ్యాక, నెలసరికి ముందు రెండు వారాల్లో కొన్ని బీట్లు ఎక్కువగా ఉండటం సహజం. ఒకే ఒక్క ఉదయం చూసిన పల్స్‌తో నెలల మార్పును తేల్చలేకపోవడానికి కారణం ఇదే.

నేను చెప్పే పద్ధతి సులువైనది. నెలలో ఒక వారం, ఏడు ఉదయాలూ వరసగా చూసి రాసుకోండి. నెలసరి క్రమంగా వస్తుంటే అది మొదలైన రోజు నుంచి లెక్కేసి ప్రతి నెలా అదే వారం పెట్టుకోండి. ఉదాహరణకి 78, 74, 75, 81, 76, 74, 75 వచ్చాయనుకుందాం. చిన్నదాని నుంచి పెద్దదాకా పేర్చితే 74, 74, 75, 75, 76, 78, 81. నడిమధ్యన ఉన్నది 75. ఆ నెల మీ పల్స్ 75 అని రాసుకోండి. సగటు తీయొద్దు. ముందురోజు రాత్రి నిద్ర లేక 81 వచ్చిన ఉదయం సగటును పైకి లాగుతుంది, నడిమి అంకెను లాగలేదు. వచ్చే నెల అదే పద్ధతిలో 74 వస్తే ఏమీ మారలేదనే అర్థం. మూడు నెలల తర్వాత 70 వచ్చి, ఆ తర్వాతి నెల కూడా అక్కడక్కడే ఉంటే అప్పుడు అది మార్పు. క్రమంగా నడిచేవాళ్లలో గుండె ఒక్కో దెబ్బకు కాస్త ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది, విశ్రాంతిలో దాన్ని నెమ్మదింపజేసే నరం పట్టు కూడా పెరుగుతుంది. అయినా మామూలు నడకతో తగ్గేది కొన్ని బీట్లే. దూరపు పరుగు ఆటగాళ్లకు 40ల్లో ఉంటుందని విని, మనకూ అలా రావాలనుకోవడం అనవసరపు ఆశ.

ఇక ఆ బీపీ మాత్ర సంగతి. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన వాక్యం అదేనని నా అభిప్రాయం. మీరు దాన్ని చివర్లో, మాటవరసకి రాసినట్టు రాశారు. పాత మాత్ర స్ట్రిప్ ఇంట్లో ఉంటే తీసి చూడండి. పేరు చివర ‘లాల్’ అని ఉందా? అటెనొలాల్, మెటోప్రొలాల్, బిసోప్రొలాల్, ఇలా. ఈ జాతి మందులు బీపీతో పాటు గుండె వేగాన్ని కూడా తగ్గిస్తాయి. ఆమ్లోడిపిన్, టెల్మిసార్టాన్ లాంటి వాటి పని వేరు, అవి పల్స్‌ను అలా తగ్గించవు. మొదటి జాతి మాత్ర మానిపించి రెండో రకం ఇచ్చి ఉంటే, మీరు ఎంత నడిచినా పల్స్ కొంత పైకే వస్తుంది. నడక వల్ల తగ్గినదీ, మందు మారడం వల్ల పెరిగినదీ కలిసిపోతాయి, విడదీయడం ఎవరి తరమూ కాదు. అలాంటప్పుడు జనవరి పల్స్‌ను పక్కన పెట్టేసి, కొత్త మాత్ర మొదలైన తర్వాతి అంకెలతోనే పోల్చుకోవడం మొదలుపెట్టాలి. తిరగేసి జరిగినా అంతే: ‘లాల్’ మాత్ర కొత్తగా మొదలుపెట్టినవాళ్లు పల్స్ తగ్గిందని మురిసిపోతారు, ఆ ఘనత మాత్రది. పల్స్ అంకె బాగా రావాలని మాత్ర మాత్రం మీ అంతట మీరు మార్చొద్దు, మానొద్దు. ‘లాల్’ మందుల్ని ఉన్నట్టుండి ఆపడం ప్రమాదం.

విశ్రాంతి పల్స్ రోజుల తరబడి 100 దాటుతున్నా, బీట్ల మధ్య తాళం తప్పుతున్నట్టు వేళ్లకు తెలుస్తున్నా, మీ మామూలు కన్నా పది దాకా పెరిగి వారమైనా దిగకపోయినా డాక్టరుకు చూపించండి. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువవడం లాంటివి ముందుగా ఇలాగే బయటపడుతుంటాయి.

నడక దగ్గరికి వద్దాం. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మీ మూడు టెస్టుల్లో గుండె, ఊపిరి, కాళ్లు అన్నీ కలిసి పనిచేసేది ఇదొక్కటే.

ఆరు నిమిషాల నడక మొదట్లో గుండె, ఊపిరితిత్తుల రోగుల కోసం పెట్టుకున్న పరీక్ష. అమెరికన్ థొరాసిక్ సొసైటీ 2002లో దీనికి మార్గదర్శకాలు ఇచ్చింది. చదివితే వాళ్ల పట్టింపు ముచ్చటేస్తుంది. 30 మీటర్ల తిన్నని వరండా కావాలంటారు. నిమిషం నిమిషానికి రోగితో ఏ మాట అనాలో కూడా రాసిపెట్టారు. ఎందుకంటే పక్కనుంచి “ఊ, కానివ్వండి, ఇంకా వేగం” అని ఉత్సాహపరిస్తే దూరం పెరిగిపోతుంది! మనిషి బలం అదే, కాళ్లు అవే, మాటతోనే అంకె మారిపోతుంది. రెండోసారి నడిచినప్పుడు మొదటిసారి కన్నా ఎక్కువ దూరం రావడం కూడా మామూలేనట, ఎలా నడవాలో అలవాటు పడతారు కాబట్టి.

మీది ఫోన్ కొలత. ఫోన్ జీపీఎస్ తిన్నగా ఉన్న రోడ్డు మీద ఫర్వాలేదు గానీ అపార్ట్‌మెంట్ల మధ్య, చెట్ల కింద, చిన్న చిన్న రౌండ్లు తిరిగేటప్పుడు తడబడుతుంది. మూలలు కోసేస్తుంది, లేదా మీరు నడవని వంకర్లు గీస్తుంది. 560 మీటర్లలో 15 మీటర్లంటే మూడు శాతం కూడా కాదు. అంత తేడా ఫోన్ ఒక్కటే తేగలదు. పైగా మీరు పోటీ పెట్టింది రెండు వేర్వేరు వాతావరణాలకు. విజయవాడలో జనవరి తెల్లవారుజాము అంటే శాలువా కప్పుకునేంత చల్లదనం. మే నెల సాయంత్రం ఆరింటికి కూడా రోడ్డు సెగలు కక్కుతుంటుంది. వేడిలో శరీరం చల్లబడటానికి రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది, చెమటతో నీరు పోయి రక్తం పరిమాణం కాస్త తగ్గుతుంది, అందుకని అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాలి. దానికితోడు రోజంతా కౌంటర్లో కూర్చుని వచ్చిన అలసట. ఇన్ని అడ్డంకుల మధ్య 15 మీటర్లే తగ్గిందంటే, పొద్దున చల్లగా ఉన్నప్పుడు నడిస్తే జనవరి దూరాన్ని దాటేవారేమో కూడా. ‘ఏమో’ అనే అంటాను, అంతకుమించి చెప్పలేం.

ఇంకో చిక్కుంది. 47 ఏళ్ల వయసులో ఆరు నిమిషాల్లో 560 మీటర్లంటే గంటకు 5.6 కిలోమీటర్ల వేగం. చురుకైన నడకే. ఇక్కడి నుంచి ఇంకా చాలా పెంచాలంటే పరుగు కిందికి దిగాలి. అంటే మీ గుండె ఎంత మెరుగైనా ఈ టెస్టులో దూరం పెద్దగా కదలదు. మీలాంటివాళ్లకు ఆరు నిమిషాల కన్నా మైలు నడక నయం. 1987లో వచ్చిన రాక్‌పోర్ట్ టెస్ట్ అనేది ఇలాంటిదే: 1609 మీటర్లు వీలైనంత వేగంగా నడిచి, పట్టిన సమయం, ఆగగానే పల్స్ రెండూ తీసుకుంటారు. అసలు టెస్టులో వాటిని వయసు, బరువుతో కలిపి ఒక సూత్రంలో వేసి శరీరం ఎంత ఆక్సిజన్ వాడుకోగలదో అంచనా కడతారు. మీకు ఆ సూత్రం అక్కర్లేదు. సమయం, పల్స్ రెండూ పక్కపక్కన రాసుకుంటే చాలు. దూరం కూడా గుండ్రంగా 1600 మీటర్లు పెట్టుకోండి, ప్రతిసారీ అదే అయితే చాలు.

దగ్గర్లో 400 మీటర్ల ట్రాక్ ఉన్న గ్రౌండ్ ఉంటే నాలుగు రౌండ్లు. కానీ అన్నిటికన్నా లోపలి లేన్‌లోనే నడవాలి. ఎనిమిదో లేన్‌లో ఒక రౌండు 450 మీటర్లు దాటుతుంది, నాలుగు రౌండ్లకి 200 మీటర్ల పైన అదనం. పొద్దున్నే లోపలి లేన్‌లో పరిగెత్తేవాళ్లు పక్కకి జరగమంటే జరిగి, ఆ రోజు టెస్టు రద్దు చేసుకుని ఇంకోరోజు చేసుకోండి. గ్రౌండు లేకపోతే కాలువ గట్టు మీదో, కాలనీలో వాహనాలు తక్కువ తిరిగే రోడ్డు మీదో మేస్త్రీలు వాడే 30 మీటర్ల టేపుతో ఒకసారి 200 మీటర్లు కొలిచి, రెండు చివర్లా సుద్దతోనో రంగుతోనో గుర్తు పెట్టుకోండి. ఎనిమిది సార్లు నడిస్తే 1600. ఒక్కసారి కొలిస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

పద్ధతి ఇది. అదే దారి, అవే చెప్పులో బూట్లో, తెల్లవారి ఒకే సమయం, తిన్నాక కనీసం రెండు గంటలు ఆగి. ముందు ఐదు నిమిషాలు నెమ్మదిగా నడవండి. తర్వాత స్టాప్‌వాచ్ నొక్కి, మాట్లాడగలిగేంత ఊపిరి ఉండేలా, కానీ కబుర్లు చెప్పలేనంత వేగంగా, ఒకే వేగంతో నడవండి. చివరి రౌండులో రేసు పెట్టుకోవద్దు, అది పల్స్‌ను పాడుచేస్తుంది. గీత దాటగానే సమయం ఆపి, నిలబడే ఉండి వెంటనే పల్స్ చూడండి. ఇక్కడ మాత్రం 15 సెకన్లే లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయాలి. ఇంతసేపూ దాన్ని తిట్టి ఇప్పుడు అదే చెయ్యమంటారేమిటి అనుకోకండి. ఆగిన మరుక్షణం నుంచి పల్స్ పడిపోతూనే ఉంటుంది, పూర్తి నిమిషం లెక్కపెడితే పైనుంచి కిందిదాకా అన్నీ కలిసిపోయిన అంకె వస్తుంది. ఒక బీటు అటూఇటూ అయితే నాలుగు తేడా వస్తుందన్నది గుర్తుపెట్టుకుని చదవాలంతే. తర్వాత మెల్లగా నడుస్తూ చల్లబడండి. ఛాతీలో నొప్పి, బరువు, కళ్లు తిరగడం, మామూలుగా లేని ఆయాసం వస్తే అక్కడే ఆపేయాలి. టెస్టు సంగతి తర్వాత, ముందు డాక్టరు.

ఇప్పుడు అంకెల్ని ఎలా చదవాలో మీకు రాబోయే నెలలతోనే చూపిస్తాను, ఇవి ఊహించి వేసినవే. వానలు పడ్డాక జులై మొదటి రెండు వారాల్లో మూడు సార్లు చేశారనుకుందాం, మధ్యలో రెండు మూడు రోజుల విరామంతో. మొదటిసారి 17 నిమిషాల 10 సెకన్లు, పల్స్ 128. రెండోసారి 16 నిమిషాల 40 సెకన్లు, పల్స్ 124. మూడోసారి 16 నిమిషాల 45 సెకన్లు, పల్స్ 128. మొదటిది కొట్టేయండి, అది వేగం పట్టు దొరకక ముందుది. మిగిలిన రెంటినీ చూస్తే, ఫిట్‌నెస్ ఏమీ మారని రోజుల్లోనే మీకు ఐదారు సెకన్లూ, ఒక నాలుగు బీట్లూ అటూఇటూ అవుతున్నాయని తెలుస్తుంది. ఇది మీ సొంత ఊగిసలాట. దీన్ని ముందే తెలుసుకోకుండా తర్వాత వచ్చే ఏ తేడానీ అర్థం చేసుకోలేం. మీ జనవరి లెక్కలో కొరవడింది ఇదే, ఒక్కొక్కటీ ఒక్కోసారే చూశారు.

అక్టోబరులో మళ్లీ రెండుసార్లు చేస్తే, 16 నిమిషాల 20 సెకన్లు, పల్స్ 120 చుట్టూ వచ్చాయనుకోండి. సమయం 20 సెకన్ల పైన తగ్గింది, ఊగిసలాట కన్నా చాలా ఎక్కువ. పల్స్ కూడా పెరగలేదు సరికదా కాస్త దిగింది. తక్కువ శ్రమతో ఎక్కువ వేగం. ఇది నిజమైన మెరుగుదల, సందేహం లేదు. అదే 16 నిమిషాల 20 సెకన్లకు పల్స్ 140 వచ్చి ఉంటే? ఆ రోజు మీరు పట్టుదలగా నడిచారు, అంతే. సమయం పట్టుదలకు లొంగుతుంది, పల్స్ లొంగదు. అందుకే రెండూ కలిపి చూడమంటున్నాను. మూడో రకం కూడా ఉంది, చాలామంది దాన్ని పోల్చుకోలేక నిరుత్సాహపడతారు: సమయం 16 నిమిషాల 40 సెకన్ల దగ్గరే ఆగిపోయి, పల్స్ మాత్రం 112కి దిగడం. పైకి ఏమీ మారనట్టుంటుంది. అదే పనికి గుండె నిమిషానికి 12 నుంచి 16 బీట్లు తక్కువ ఖర్చు పెడుతోంది. నా లెక్కలో మొదటిదానికన్నా ఇదేమీ తక్కువ కాదు.

జులై, అక్టోబరు ఉదయాలు కొంతవరకు పోల్చదగ్గవే. మే నెలను మాత్రం దేనితోనూ పోల్చొద్దు. ఎండాకాలంలో టెస్టు మానేసినా నష్టం లేదు, లేదంటే పక్కన ఆ రోజు ఎంత వేడి ఉందో రాసుకుని వచ్చే మే నెలతో పోల్చుకోండి. ఒక హెచ్చరిక: ఇప్పుడు మీరు వాడుతున్నది ‘లాల్’ మాత్రే అయితే నడక తర్వాతి పల్స్ కూడా దాని చెప్పుచేతల్లో ఉంటుంది. మాత్ర, మోతాదు మారనంత కాలం మీతో మీరు పోల్చుకోవచ్చు గానీ, పక్కింటావిడ అంకెతో పోల్చుకోకూడదు. ఆమాటకొస్తే ఏ మందూ లేకపోయినా పక్కింటావిడతో పోలిక అనవసరం. వాట్సాప్‌లో తిరిగే ‘మీ వయసుకి పల్స్ ఇంత ఉండాలి’ పట్టికలు కూడా అంతే.

ప్లాంక్. ఇక్కడ మీకు కాస్త చేదుగా చెప్పాలి. 25 సెకన్ల నుంచి 1 నిమిషం 25 సెకన్లకు వచ్చారంటే పొట్ట, నడుము, భుజాల ఓర్పు పెరిగే ఉంటుంది, కాదనను. కానీ జనవరిలోది బహుశా మీ జీవితంలో మొదటి ప్లాంక్. మొదటి కొన్ని వారాల్లో పెరిగేదాంట్లో చాలా భాగం కండది కాదు, ఎక్కడ బిగించాలో ఒంటికి తెలియడం, మంటని ఓర్చుకోవడం అలవాటవడం. ఇంట్లో చేసే వ్యాయామంలో రోజూ ప్లాంకే ఉంటే అది ఇంకా ఎక్కువ. రోజూ ప్లాంక్ చేసేవాళ్లకు ప్లాంక్ టైము పెరుగుతుంది. దాన్నిబట్టి మెట్లెక్కితే ఆయాసం తగ్గుతుందనో, గుండె బాగుపడిందనో అనుకోవడానికి లేదు. ప్రపంచ రికార్డు 9 గంటలు దాటిపోయింది, అంతసేపు ఎవరికీ పనిలేదు. రెండు నిమిషాలు దాటాక అది ఓపికకు పరీక్షే.

పైగా ఆ సెకన్లు ఎప్పుడు ఆగాయో ఎవరు చూశారు? ఫోన్‌ను పక్కనుంచి నేల మట్టంలో పెట్టి వీడియో తీసుకోండి. మోచేతులు సరిగ్గా భుజాల కింద, తల నుంచి మడమ దాకా ఒకే గీత. నడుము కిందికి జారినా, పిరుదులు పైకి లేచినా ఒకసారి సర్దుకోవచ్చు. రెండోసారి జారిందంటే గడియారం ఆగిపోవాలి, మీరు ఇంకా నేలకి ఆనకపోయినా సరే. ఈ నియమంతో చూస్తే చాలామంది టైము పడిపోతుంది. మీది కూడా తగ్గితే బాధపడకండి, ఇకపై పోల్చుకోవాల్సింది ఆ అంకెతోనే.

బీపీ ఉన్నవాళ్లకు ఇంకో సంగతి. కదలకుండా కండ బిగించి పట్టుకున్నప్పుడు రక్తపోటు గట్టిగా పెరుగుతుంది, ఊపిరి బిగబట్టారంటే ఇంకా పైకి వెళ్తుంది. ఒళ్లు వణికేదాకా పట్టుకోవడమనేది మీకు తగిన టెస్టు కాదు. బీపీ అదుపులో ఉందని, ప్లాంక్ చేయొచ్చని డాక్టర్ గారు అంటే, ఊపిరి ఆడిస్తూ, బిగ్గరగా అంకెలు లెక్కపెడుతూ చేయండి. గొంతులోంచి అంకె రాకపోతే ఊపిరి బిగబట్టారన్నమాట. ఒక నిమిషం దగ్గర గీత గీసుకోండి, అంతకుమించి కొలవొద్దు. నిమిషం తేలిగ్గా వస్తోందంటే ప్లాంక్ మీకు చెప్పాల్సింది చెప్పేసింది. దాని స్థానంలో, రోజువారీ వ్యాయామంలో లేనిదేదైనా తీసుకోండి. కుర్చీ టెస్టు బాగుంటుంది, దాని గురించి మీ నాన్నగారి సంగతి వచ్చినప్పుడు చెబుతాను.

ఎన్నాళ్లకోసారి అంటే, పల్స్‌కి నెలలో ఒక వారం, నడక, కుర్చీ ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి. అంతకన్నా ముందే చూస్తే శరీరం మారడానికి టైము ఉండదు, కనబడేదంతా ఊగిసలాటే. జలుబు చేసినా, నిద్ర లేకపోయినా, ఆడిట్ నడుస్తున్నా ఆ వారం వాయిదా వేసుకోండి. నోట్‌బుక్కులో అంకె పక్కన తేదీ, సమయం, వేడి, నిద్ర, మందు మార్పు, నెలసరి రోజు, ఇంత రాస్తే చాలు. ఈసారి మిమ్మల్ని గాభరా పెట్టినదానికి జవాబు అంకెల్లో దొరకలేదు, మీరు పక్కన రాసిన ఆ రెండు ముక్కల్లో దొరికింది చూశారా, సాయంత్రం నడకా, మాత్ర మార్పూ.

నాన్నగారికి ప్లాంక్ వద్దండి. 68 ఏళ్ల మనిషికి తెలుసుకోవాల్సింది కాళ్లలో బలం ఉందా, లేచి నిలబడగలరా అన్నది. దానికి కుర్చీ టెస్టు ఉంది. చక్రాలు లేని, చేతులు లేని గట్టి కుర్చీ, కూర్చునే ఎత్తు 17 అంగుళాలు, అంటే సుమారు 43 సెంటీమీటర్లు. కుంగిపోయే సోఫా, తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీ పనికిరావు. కుర్చీ వెనక్కి జరగకుండా గోడకి ఆనించి, మీరు పక్కనే నిలబడండి. ఆయన కుర్చీ మధ్యలో కూర్చుని, చేతులు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, పాదాలు నేలకు పూర్తిగా ఆనించి, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి పూర్తిగా కూర్చోగలరో లెక్కపెట్టండి. సగం లేచి కూర్చుంటే లెక్కలోకి రాదు. టైము అయ్యేసరికి సగం పైన లేచి ఉంటే దాన్ని ఒకటి కింద వేయొచ్చు. లేవడానికి చేతుల సాయం తీసుకుంటే ఆ టెస్టు సున్నా.

అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ, పెద్దవాళ్లు పడిపోయే ప్రమాదాన్ని అంచనా వేయడానికి వాడే పట్టికలో 65 నుంచి 69 ఏళ్ల మగవాళ్లకు 12 కన్నా తక్కువ వస్తే తక్కువ కింద లెక్క. అదే వయసు ఆడవాళ్లకు 11 కన్నా తక్కువ. ఆయనకు ఎనిమిదో తొమ్మిదో వస్తే కంగారు పడకుండా, మోకాళ్ల నొప్పి వల్ల ఆగారా, ఆయాసం వల్ల ఆగారా, కళ్లు తిరిగి ఆగారా అన్నది అడిగి అది కూడా రాయండి. ఈ మూడు కారణాలతో ఆగే ముగ్గురికీ అంకె ఒకటే రావొచ్చు గానీ ఒకరు వెళ్లాల్సింది ఎముకల డాక్టరు దగ్గరికి, ఇంకొకరు గుండె డాక్టరు దగ్గరికి. మూడోవారికి, లేచి నిలబడగానే బీపీ పడిపోతోందేమో చూడమని వాళ్లింటి డాక్టరునే అడగాలి.